బెణికితే లాగొద్దు, కళ్లు తిరిగితే లేపొద్దు

ఆటల పీరియడ్‌లో ఎవరో ఒకరు పడటం మామూలే. పడిన పిల్లల చుట్టూ క్షణంలో గుంపు చేరుతుంది. ఒకరు కాలు పట్టుకుని లాగుతారు. ఒకరు బామ్ రాసి గట్టిగా రుద్దుతారు. ఇంకొకరు ‘లేచి నడువు, అదే సర్దుకుంటుంది’ అంటారు. కళ్లు తిరిగి పడిపోతే రెక్కలు పట్టి లేపి కుర్చీలో కూర్చోబెడతారు, నోట్లో నీళ్లు పోస్తారు. అన్నీ సాయం చేయాలన్న ఆత్రంతో చేసేవే. కానీ ఇవేవీ మేలు చేయవు, కొన్నయితే కీడే చేస్తాయి. బెణుకు, కమిలిన దెబ్బ, కళ్లు తిరగడం... ఈ మూడింటిలోనూ టీచర్ చేతులతో చేయాల్సిన పని తక్కువ, కళ్లతో చూడాల్సింది ఎక్కువ. ఇది బడిలోనే సర్దుకునేదా, ఆస్పత్రికి వెళ్లాల్సిందా అని తేల్చుకోవడమే అసలు పని.

బెణుకా, విరుగుడా?

ఖోఖో ఆడుతున్న ఎనిమిదో తరగతి అమ్మాయి స్తంభం దగ్గర గిర్రున తిరగబోయింది, కుడి పాదం లోపలికి మడతపడి కూలబడింది అనుకుందాం. ఎముకను ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్లు సాగడం, కొంత చిరగడమే బెణుకు. పాదం లోపలికి మడతపడితే భారమంతా చీలమండ బయటి వైపు లిగమెంట్ల మీద పడుతుంది. అందుకే వాపు ఎక్కువగా బయటి గుబ్బకు ముందూ కిందా మొదలవుతుంది.

ముందు ఆట ఆపించి, అమ్మాయిని కదిలించకుండా ఉన్నచోటే కూర్చోబెట్టాలి. బూటు, సాక్సు, కాలి పట్టీ వెంటనే మెల్లగా తీసేయాలి. అరగంట ఆగితే వాపు పెరిగి పట్టీ చర్మంలోకి దిగిపోతుంది, తీయడం కష్టమవుతుంది. తర్వాత రెండు పాదాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. దెబ్బ తగిలిన కాలు వంకర తిరిగినా, వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, ఎముక చర్మాన్ని చీల్చుకుని కనిపించినా ఇక అక్కడ చేయాల్సిందేమీ లేదు. కాలు ఉన్న తీరులోనే ఉంచి, కింద మెత్తగా దన్ను పెట్టి 108కి ఫోన్ చేయాలి. సరిచేయబోకూడదు.

అలాంటివేవీ లేకపోతే రెండు చిన్న పరీక్షలున్నాయి. కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో ఎక్స్‌రే ఎవరికి అవసరమో తేల్చడానికి రూపొందించిన నియమాల్లోంచి వచ్చినవివి. మొదటిది, ఎముక మీద నొప్పి. చీలమండ బయటి గుబ్బ, లోపలి గుబ్బల వెనక అంచును, కొనను ఒక్క వేలితో మెల్లగా నొక్కాలి. పాదం బయటి అంచున నడుమ తగిలే ఎముక మొననూ, లోపలి అంచున చీలమండకు కాస్త ముందుండే ఎముకనూ అలాగే నొక్కి చూడాలి. వాచిన మెత్తటి చోట నొప్పి ఉండటం మామూలే. ఎముక మీదే నొప్పి పుడితే ఎక్స్‌రే తీయించాలి. రెండోది, నాలుగడుగులు. ఎముక మీద నొప్పి లేకపోతేనే, తనంతట తాను లేవగలిగితేనే నడవమనాలి. కుంటుతూనైనా సరే నాలుగడుగులు వేయలేకపోతే ఆస్పత్రికే.

ఎదిగే పిల్లల్లో ఒక చిక్కు ఉంది. వాళ్ల ఎముకల చివర్లలో పొడవు పెరగడానికి తోడ్పడే మెత్తటి పొర ఉంటుంది. ఆ వయసులో ఆ పొర లిగమెంట్ల కంటే బలహీనంగా ఉండొచ్చు. పెద్దవాళ్లలో లిగమెంట్ సాగేంత మెలికకే పిల్లల్లో ఆ పొర దెబ్బతినవచ్చు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే పిల్లల్లో ఎముక మీద నొప్పి ఉంటే ‘బెణుకేలే’ అని వదిలేయకూడదు. ఎక్స్‌రే తీయకముందే నాటు కట్టుకు తీసుకెళ్లొద్దని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పాల్సిందీ ఇందుకే.

చల్లదనం, కట్టు, ఎత్తు

మన అమ్మాయికి ఎముక మీద నొప్పి లేదు, కుంటుతూ నడవగలిగింది. ఇప్పుడు ఆమెను నీడలోకి చేర్చి ఐస్ పెట్టాలి. బడిలో ఫ్రిజ్ లేకపోతే ఎదురుగా ఉన్న కూల్‌డ్రింక్ షాపులో దొరుకుతుంది. అదీ లేకపోతే కుండనీళ్లలో తడిపిన తువ్వాలు కూడా కొంత పనిచేస్తుంది. ఐస్‌ను గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు ఉంచి తీసేయాలి. నేరుగా చర్మానికి తగిలితే మంచు కూడా కాలుస్తుంది. మొదటి రెండు రోజులు రెండు మూడు గంటలకోసారి ఇలా పెట్టవచ్చు. ఐస్ నొప్పిని తగ్గిస్తుంది తప్ప గాయాన్ని త్వరగా మాన్పే మందు కాదు. కాబట్టి ఎక్కువసేపు పెడితే ఎక్కువ మేలు అనుకోకూడదు.

తర్వాత క్రేప్ బ్యాండేజీ. కాలివేళ్ల మొదట్లో మొదలుపెట్టి పైకి చుట్టుకుంటూ రావాలి. ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పాలి. చీలమండ దగ్గర ఎనిమిది అంకె ఆకారంలో పాదం కింది నుంచి తిప్పి, పిక్క కింది దాకా తేవాలి. మడమ బయటికి వదిలేస్తే వాపంతా అక్కడికే దిగుతుంది. వేళ్ల కొనలు మాత్రం కనిపించాలి, ఎందుకంటే కట్టు బిగువు తెలిసేది అక్కడే. బొటనవేలి గోరు నొక్కి వదిలితే తెల్లబడిన రంగు రెండు సెకన్లలో తిరిగి రావాలి. రాకపోయినా, వేళ్లు నీలబడినా, తిమ్మిరిగా ఉందన్నా కట్టు విప్పి వదులుగా మళ్లీ కట్టాలి. ఆ తర్వాత పడుకోబెట్టి, సంచుల మీద కాలు ఎత్తి ఉంచాలి.

మొదటి రెండు మూడు రోజులు మర్దన, వేడినీళ్ల కాపడం, ఒళ్లు వేడెక్కించే బామ్ వద్దు. అవి రక్తప్రసరణను పెంచి వాపునూ పెంచుతాయి. అలాగని వారం రోజులు మంచం మీదే ఉండనక్కర్లేదు. ఒకటి రెండు రోజుల విశ్రాంతి తర్వాత నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు పాదం ఆడించడం మొదలుపెట్టాలి. నాలుగైదు రోజులైనా నడక మెరుగుపడకపోతే డాక్టరుకు చూపించాలి.

కమిలిన చోట

కబడ్డీలో మోకాలు తొడకు తగులుతుంది, క్రికెట్ బంతి మోచేతికి తగులుతుంది. చర్మం చీలదు కానీ లోపలి సన్నటి రక్తనాళాలు చిట్లి రక్తం ఇంకుతుంది. అదే కమలడం. నీలం, ఊదా, ఆకుపచ్చ, పసుపు ఇలా రంగులు మారుతూ రెండు వారాల్లో పోతుంది. చేయాల్సింది ఇక్కడా చల్లటి కాపడం, విశ్రాంతే. కమిలిన తొడను గట్టిగా పిసికితే లోపల మళ్లీ రక్తం చిమ్ముతుంది. పెద్ద దెబ్బ తగిలిన కండరంలో ఒక్కోసారి ఎముకలాంటి గట్టిదనం కూడా ఏర్పడవచ్చు.

కమిలిన దెబ్బలో రంగును కాదు, చోటును చూసి భయపడాలి. తొడ, పిక్క రాయిలా బిగుసుకుని నొప్పి నిమిష నిమిషానికీ పెరుగుతుంటే ఆలస్యం చేయకూడదు. కడుపు మీద దెబ్బ తగిలి నొప్పి తగ్గకపోయినా, కంటికి తగిలి చూపు మసకబారినా అంతే. తలకు బొప్పి కడితే ఐస్ పెట్టడంతో పని అయిపోదు. ఆ రోజు ఆ విద్యార్థిని మళ్లీ ఆటలోకి దింపకూడదు. వాంతులు, పెరిగే తలనొప్పి, మత్తుగా జోగడం, అడిగిందే అడగడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలని ఇంట్లోవాళ్లకు స్పష్టంగా చెప్పాలి.

కళ్లు తిరిగితే

ఎండలో వరుసగా నిలబెట్టినప్పుడు, పరుగు ముగించి ఉన్నట్టుండి ఆగినప్పుడు రక్తం కాళ్లలోకి దిగి నిలిచిపోతుంది. మెదడుకు అందేది తగ్గుతుంది. ముఖం పాలిపోతుంది, చెమట పడుతుంది, కళ్లు మసకబారుతాయి, చెవులు దిబ్బడవేస్తాయి. ఈ ఘట్టంలోనే ‘సార్, కళ్లు తిరుగుతున్నాయి’ అన్న పిల్లను వెంటనే పడుకోబెడితే స్పృహ తప్పదు. పడుకుంటే తల, గుండె ఒకే ఎత్తులోకి వచ్చి మెదడుకు రక్తం అందుతుంది. లేపి కూర్చోబెట్టడమంటే ఆ సాయాన్ని లాగేయడమే.

నీడలో వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల కింద బడిసంచులు పెట్టి ఒక అడుగు ఎత్తు చేయాలి. టై, బెల్టు, బిగుతుగా ఉన్న చున్నీ వదులు చేయాలి. గుంపును పంపించేయాలి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మామూలు స్పృహ తప్పడమైతే నిమిషంలోపే తెలివి వస్తుంది. వచ్చాక కూడా పది పదిహేను నిమిషాలు పడుకోనిచ్చి, తర్వాత కూర్చోబెట్టి, ఆ తర్వాతే నిలబెట్టాలి. పూర్తిగా తేరుకున్నాక మంచినీళ్లు, బిస్కెట్లు ఇవ్వవచ్చు. ఎండలో బాగా చెమట పట్టి ఉంటే ఓఆర్ఎస్ మంచిది. మధుమేహం ఉన్న పిల్లలైతే, మింగగలిగే స్థితిలో ఉంటే, వెంటనే చక్కెర కలిపిన నీళ్లు ఇవ్వాలి.

నిమిషం దాటినా తెలివి రాకపోతే ఊపిరి చూడాలి. ఊపిరి సరిగ్గా ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఊపిరి లేకపోతే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి. స్పృహ తప్పినప్పుడు కొద్ది క్షణాలు చేతులు అదరడం మామూలే. కొట్టుకోవడం ఆగకుండా సాగితే అది ఫిట్స్ కావచ్చు. అప్పుడు చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు. తలకు దెబ్బ తగలకుండా చూసి, పక్కకు తిప్పితే చాలు.

రెండు సందర్భాలను మాత్రం మామూలు కళ్లు తిరగడంతో కలిపేయకూడదు. ఒకటి, ఎండలో ఆడిన పిల్ల తికమకగా మాట్లాడటం, ఒళ్లు కాలిపోతుండటం. ఇది వడదెబ్బ. అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా ఒంటి మీద నీళ్లు పోసి విసరాలి, చంకల్లో, గజ్జల్లో చల్లటి గుడ్డలు పెట్టాలి. రెండోది, పరుగు ముగిశాక కాదు, పరుగు మధ్యలోనే కుప్పకూలడం. నిమిషంలో లేచి కూర్చున్నా సరే, గుండె పరీక్ష అయ్యేదాకా ఆ విద్యార్థిని మైదానంలోకి రానివ్వకూడదు.

తేరుకున్నాక ‘పొద్దున ఏం తిన్నావమ్మా?’ అని పక్కకు పిలిచి అడగాలి. చాలాసార్లు జవాబు ‘ఏమీ తినలేదు’ అనే వస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒకే అమ్మాయికి రెండు మూడుసార్లు కళ్లు తిరిగితే పీహెచ్‌సీలో రక్తపరీక్ష చేయించమని ఇంటికి కబురు పంపాలి.

జరిగిన వేళ, కనిపించినవి, చేసినవి మూడు వాక్యాల్లో రాసి తల్లిదండ్రులకు ఇస్తే డాక్టరుకూ పనికొస్తుంది. రెండు క్రేప్ బ్యాండేజీలు, శుభ్రమైన గుడ్డలు, ఓఆర్ఎస్ పొట్లాలు, మంచినీళ్ల సీసా... ఇందులో చెప్పిన పనులన్నింటికీ ఐస్‌తో పాటు ఇవి చాలు. హెడ్మాస్టర్లకు ఒక్క విన్నపం: ఆ పెట్టెను ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేయకండి, ఆటల పీరియడ్ ఉన్న ప్రతిసారీ బంతితో పాటు మైదానంలోకి పంపండి.