నాలుగు షాపులు, ఆరు జతలు: బండ్లకు దారి వేసే లెక్క

ఒక వాటర్ ప్లాంటు నుంచి నాలుగు షాపులకు 20 లీటర్ల క్యాన్లు పంపాలి. ఏ బండిలో ఏ షాపుల సరుకు వేయాలి, ఏ వరసలో తిరిగితే మొత్తం దూరం తగ్గుతుంది? దీన్నే వెహికల్ రూటింగ్ ప్రాబ్లమ్ అంటారు. జార్జ్ డాంట్జిగ్, జాన్ రామ్సర్ 1959లో పెట్రోలు ట్యాంకర్లను బంకులకు పంపే లెక్కగా దీన్ని మొదట రాశారు.

అన్ని దారులూ రాసి చూసి, చిన్నది ఎంచుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ 15 షాపులను ఒకే బండి చుట్టి రావాలన్నా, వరసలు లక్షా 30 వేల కోట్లకు పైనే ఉంటాయి. అందుకే తక్కువ పనితో మంచి జవాబు ఇచ్చే పద్ధతులు కావాలి. వాటిలో విద్యార్థి మొదట నేర్చుకోవలసింది క్లార్క్, రైట్ 1964లో ప్రచురించిన ఆదా పద్ధతి.

మన షాపులు క, చ, ట, త. ప్లాంటు నుంచి క, చ, ట ఒక్కొక్కటీ 9 కిలోమీటర్లు, త 11 కిలోమీటర్లు. షాపుల మధ్య దూరాలు ఇవి: క–చ 8, క–ట 10, క–త 12, చ–ట 2, చ–త 10, ట–త 8. క, త షాపులకు 20 క్యాన్ల చొప్పున, చ, ట షాపులకు 10 చొప్పున పంపాలి. బండికి 40 క్యాన్లు పడతాయి.

మొదట ప్రతి షాపుకూ విడిగా ఒక ట్రిప్పు వేసినట్టు అనుకుందాం. మొత్తం దూరం 2 × (9 + 9 + 9 + 11) = 76 కిలోమీటర్లు. ఇప్పుడు చ, ట షాపులను చూడండి. విడివిడిగా వెళ్తే 18 + 18 = 36. ఒకే ట్రిప్పులో వెళ్తే 9 + 2 + 9 = 20. ఆదా 16. ఒక షాపు నుంచి ప్లాంటుకు వచ్చే దారీ, ప్లాంటు నుంచి రెండో షాపుకు వెళ్లే దారీ మిగిలి, షాపుల మధ్య దూరం ఒక్కటే కొత్తగా చేరుతుంది. సూత్రం ఇది:

```
s(i,j) = d(0,i) + d(0,j) - d(i,j)
```

ఇందులో 0 అంటే ప్లాంటు. ఆరు జతలకూ ఆదా లెక్కగట్టి, పెద్దది ముందు వచ్చేలా పేరిస్తే: చ–ట 16, ట–త 12, క–చ 10, చ–త 10, క–ట 8, క–త 8.

ఇక పైనుంచి కిందికి రావాలి. జతను కలపాలంటే మూడు షరతులు: రెండు షాపులూ వేర్వేరు ట్రిప్పుల్లో ఉండాలి, రెండూ తమ ట్రిప్పు చివర్లలో ఉండాలి, కలిపిన సరుకు బండికి పట్టాలి. చ–ట కలిపితే 20 క్యాన్లు. దూరం 60కి దిగింది. ట–త కలిపితే 40 క్యాన్లు, బండి నిండింది, దూరం 48. ఇక క ఏ జతలో వచ్చినా సరుకు 60 అవుతుంది, పట్టదు. చ–త ఇప్పటికే ఒకే ట్రిప్పులో ఉన్నాయి. కాబట్టి చ, ట, త ఒక ట్రిప్పు, 30 కిలోమీటర్లు. క ఒక ట్రిప్పు, 18 కిలోమీటర్లు. మిగతా కూర్పులన్నీ వేసి చూసినా 48కి తగ్గదు.

ఇప్పుడు ఒక్క అంకె మారుద్దాం. బండికి 30 క్యాన్లే పడతాయనుకోండి. చ–ట కలిసి 20 క్యాన్లు అయ్యాయి. వాటితో క గానీ త గానీ చేరితే 40. క, త రెండూ కలిసినా 40. ఇంకేదీ కలవదు. మూడు ట్రిప్పులు, 60 కిలోమీటర్ల దగ్గర పని ఆగిపోయింది. కానీ క–చ ఒక ట్రిప్పు, ట–త ఒక ట్రిప్పు చేస్తే రెండు బండ్లూ సరిగ్గా నిండుతాయి; దూరం 76 − 10 − 12 = 54.

తేడా ఎక్కడ వచ్చింది? ముందు పెద్ద ఆదాను పట్టేసుకుని, కలిపిన జతను ఈ పద్ధతి మళ్లీ విడదీయదు. చ, ట రెండూ చిన్న ఆర్డర్లు. పెద్ద ఆర్డర్ల పక్కన ఖాళీ నింపాల్సిన ఆ రెండూ ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. ఇలాంటి జవాబును పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మొత్తం సరుకును బండి సామర్థ్యంతో భాగించండి. ఇక్కడ 60 ÷ 30 = 2. రెండు ట్రిప్పులు చాలవచ్చని లెక్క చెబుతుంటే మూడు వచ్చాయంటే అనుమానించాలి.

మందు కూడా ఉంది. సూత్రంలో షాపుల మధ్య దూరాన్ని λ అనే అంకెతో గుణించి, ఆ అంకెను మారుస్తూ మళ్లీ మళ్లీ లెక్క వేస్తారు. మన ఉదాహరణలో 0.3 పెడితే ట–త ఆదా 17.6, చ–ట ఆదా 17.4 అవుతాయి. ట–త ముందు కలుస్తుంది. చ–ట, చ–త, క–త జతలు బండికి పట్టక ఆగిపోతాయి. ఆ తర్వాత క–చ కలుస్తుంది. 54 కిలోమీటర్ల జవాబు దొరికింది. అయితే 0.3 అన్ని చోట్లా పనిచేసే అంకె కాదు. అందుకే పలు విలువలు ప్రయత్నించి, వచ్చిన వాటిలో మంచిది ఉంచుకుంటారు.

ఈ లెక్కను ముందు కాగితం మీద చేయండి, తర్వాత ప్రోగ్రామ్ రాయండి. λ లేకుండా ప్రోగ్రామ్ 40 క్యాన్లకు 48, 30 క్యాన్లకు 60 చూపిస్తే మీరు సరిగ్గానే రాసినట్టు.