లింక్డిన్ న్యూస్‌లెటర్: చందాదారుల్లో ఎందరికి చేరుతుంది?

లింక్డిన్‌లో పెద్ద వ్యాసం రాయడానికీ న్యూస్‌లెటర్ సంచిక రాయడానికీ ఎడిటర్ ఒకటే. తేడా అంతా ప్రచురించాకే తెలుస్తుంది. మామూలు వ్యాసం మన పరిచయస్తుల ఫీడ్‌లోకి వెళ్తుంది. అక్కడ ఎవరికి చూపాలో లింక్డిన్ తన లెక్క ప్రకారం తేల్చుకుంటుంది కాబట్టి చాలామంది కంట పడకుండానే అది కిందికి జారిపోవచ్చు. న్యూస్‌లెటర్ అలా ఫీడ్ దయ మీదే ఆధారపడదు. కొత్త సంచిక రాగానే చందాదారుకు యాప్‌లోని గంట గుర్తు దగ్గర, ఫోన్ తెర మీద, ఈమెయిల్లో కబురు అందుతుంది.

ఈ చందాదారులు ఎలా చేరతారో చూద్దాం. హైదరాబాద్‌లో ఒక సివిల్ ఇంజినీరు కాంక్రీటు నాణ్యత మీద న్యూస్‌లెటర్ మొదలుపెట్టారనుకుందాం. ఆయనకు లింక్డిన్‌లో 2,000 మంది పరిచయస్తులు, ఫాలోవర్లు ఉన్నారు. మొదటి సంచిక ప్రచురించగానే చందాదారులుగా చేరమని వాళ్లకు లింక్డిన్ ఆహ్వానం పంపుతుంది. ఆ తర్వాత ఆయన్ను కొత్తగా ఫాలో అయినవాళ్లకూ పిలుపు వెళ్తుంది. పాతవాళ్లను పిలిచే పెద్ద అవకాశం మాత్రం ఆ మొదటి సంచికే. అందుకే ‘పరీక్షగా చూద్దాం’ అని నాలుగు ముక్కలు రాసి ప్రచురించడం నా దృష్టిలో పెద్ద నష్టం. పిలుపు అందుకున్నవాళ్లు చూసేది ఆ నాలుగు ముక్కలే.

ఆ పిలుపుతో 400 మంది చేరారనుకుందాం. రెండో సంచిక ఆ 400 మంది ఈమెయిల్‌కూ చేరుతుందా? చేరకపోవచ్చు. లింక్డిన్ సెట్టింగ్స్‌లో యాప్ కబురు, ఫోన్ కబురు, ఈమెయిల్ దేనికది విడిగా ఆపేసుకునే వీలుంది. ఈమెయిల్ ఆపినంత మాత్రాన చందా రద్దు కాదు. ఆ మనిషి లెక్కలో ఉంటారు, సంచిక మాత్రం మెయిల్‌కు రాదు. ఇంకొందరి ఖాతాలో ప్రైమరీ ఈమెయిల్‌గా ఎప్పుడో వదిలేసిన కంపెనీ చిరునామాయే ఉండిపోతుంది. లింక్డిన్ దానికే పంపుతుంది, దాన్ని తెరిచేవారుండరు. జీమెయిల్‌లోనైతే సంచిక ప్రమోషన్స్ విభాగంలోకి పోయి కూర్చోవచ్చు. అందువల్ల రచయిత చందాదారుల సంఖ్యను చూసి మురిసిపోకుండా, ప్రతి సంచికనూ ఎందరు చూశారన్న అంకెను గమనించాలి. చందాదారులు పెరుగుతున్నా చూసేవాళ్లు తగ్గుతున్నారంటే కబుర్లు ఎక్కడో ఆగిపోతున్నాయి, లేదా వచ్చినా జనం తెరవడం లేదు.

ఇంకొక పరిమితి ఉంది. చందాదారుల పేర్లు రచయితకు కనిపిస్తాయి కానీ వాళ్ల ఈమెయిల్ చిరునామాల జాబితా చేతికి రాదు. లింక్డిన్ వదిలి మరోచోట రాయాలనుకుంటే ఆ పాఠకులను వెంట తీసుకెళ్లలేరు. ప్రచురించాక తప్పు దొరికితే పేజీలో దిద్దుకోవచ్చు, వెళ్లిపోయిన మెయిల్ మాత్రం మారదు.

పాఠకులుగా మీకు రావలసిన సంచిక రాకపోతే ముందు స్పామ్, ప్రమోషన్స్ విభాగాలు వెతకండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల విభాగం చూడండి. ఈమధ్య ఉద్యోగం మారి ఉంటే మీ ప్రైమరీ ఈమెయిల్ ఏదో కూడా ఒకసారి సరిచూసుకోండి.