అబ్బా ఇల్లు, ఎనిమిది వాటాలు: అమ్మకెంత, అన్నదమ్ములకెంత, అక్కచెల్లెళ్లకెంత?

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ఇల్లు తీసుకుందాం. తండ్రి చనిపోయాక ముస్లిం పర్సనల్ లా ప్రకారం ఆ ఇల్లు ఎవరికి ఎంత వస్తుందో లెక్క కట్టి చూద్దాం. నేను చెప్పేది సున్నీ హనఫీ పద్ధతి. మన తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ ముస్లిం కుటుంబాలకు వర్తించేది ఇదే. షియా కుటుంబాలకు రూల్స్ కొన్ని వేరుగా ఉంటాయి.

ముందుగా ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం. "2005లో చట్టం మారింది కదా, కూతుళ్లకి సమానం కదా" అని చాలామంది అంటారు. అది హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ. ముస్లిం కుటుంబానికి అది వర్తించదు. ఇంకో తేడా కూడా ఉంది. ముస్లిం చట్టంలో పుట్టుకతో వచ్చే హక్కు అనేది లేదు. తాతల నాటి ఇల్లైనా, తండ్రి సొంతంగా కొన్నదైనా, ఆయన బతికున్నంతవరకు అది పూర్తిగా ఆయనదే. ఆయన ప్రాణం పోయిన క్షణంలో వారసులందరికీ ఒకేసారి వాటాలు పుడతాయి. పత్రం రాసుకున్నారా లేదా అన్నదాంతో దీనికి సంబంధం లేదు.

ఇప్పుడు మన కేసు. గుంటూరులో 160 గజాల ఇల్లు, దస్తావేజు తండ్రి పేరు మీద ఉంది, విలువ 80 లక్షలు అనుకుందాం. ఆయన చనిపోయారు. భార్య ఉన్నారు, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. ఆయన తల్లిదండ్రులు అంతకుముందే పోయారు. ఈ చివరి పాయింట్ గుర్తుపెట్టుకోండి. ఆయన తల్లి బతికుంటే ఆమెకి ఆరో వంతు పోతుంది, తండ్రి బతికుంటే ఆయనకీ ఆరో వంతు పోతుంది, అప్పుడు లెక్క మొత్తం మారుతుంది.

పంచే ముందు తీసేయాల్సినవి ఉంటాయి. అంత్యక్రియల ఖర్చు, ఆ తర్వాత అప్పులు, ఆ తర్వాత వీలునామా. వీలునామాతో మిగిలిన ఆస్తిలో మూడో వంతుకి మించి ఇవ్వడానికి లేదు. అది కూడా వారసుల్లో ఒకరికి రాస్తే, ఆయన పోయాక మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. "అబ్బా ఇల్లంతా నాకే రాశారు" అని పెద్దోడు ఒక కాగితం చూపిస్తే, ఆ ఒక్క కాగితంతో పని అయిపోదన్నమాట.

అప్పుల్లో అందరూ మర్చిపోయేది మెహర్. నికాహ్‌నామాలో రాసిన మెహర్ భార్యకి ఇవ్వకుండా మిగిలిపోతే, అది చనిపోయిన మనిషి చేసిన అప్పే. ఆమె తన వాటాతో పాటు దాన్ని కూడా అడగొచ్చు, అదీ పంపకానికి ముందే. మన కేసులో ఖర్చులు, వేరే అప్పులు ఆయన బ్యాంకులో ఉన్న డబ్బుతో తీరిపోయాయి, వీలునామా లేదు, మెహర్ మాత్రం 1,60,000 బాకీ ఉంది అనుకుందాం. అంటే 80 లక్షల్లోంచి అది తీసేస్తే పంచాల్సింది 78,40,000.

ఇక వాటాలు. పిల్లలున్న భార్యకి ఎనిమిదో వంతు ఫిక్స్‌డ్. మిగిలిన ఏడు వంతులు పిల్లలవి. కొడుక్కి రెండు భాగాలు, కూతురికి ఒక భాగం. ఇద్దరు కొడుకులకి నాలుగు, ముగ్గురు కూతుళ్లకి మూడు, మొత్తం ఏడు. మన అదృష్టం, లెక్క సరిగ్గా కుదిరింది.

```
అమ్మ         1/8    9,80,000 (+ మెహర్ 1,60,000)
ఒక్కో కొడుకు   2/8   19,60,000
ఒక్కో కూతురు  1/8    9,80,000
```

అన్నీ కూడితే మళ్లీ 80 లక్షలు వస్తుంది, చెక్ చేసుకోండి. మీ ఇంట్లో పిల్లల సంఖ్య వేరైతే ఇదే పద్ధతి: కొడుకులని రెండేసి, కూతుళ్లని ఒక్కొక్కటి లెక్కపెట్టి, ఎనిమిదిలో ఏడు వంతుల్ని ఆ సంఖ్యతో భాగించాలి. కొడుకు ఒక్కడూ లేకపోతే మాత్రం ఈ ఫార్ములా పనిచేయదు. అప్పుడు కూతుళ్ల వాటా వేరే రూల్‌తో వస్తుంది, చనిపోయినాయన అన్నదమ్ములు కూడా లెక్కలోకి రావచ్చు.

ఇక్కడే గొడవ మొదలవుతుంది. "చెల్లెళ్ల పెళ్లికి బంగారం పెట్టాం, కట్నం ఇచ్చాం, వాళ్ల వాటా అయిపోయింది" అంటారు అన్నలు. అలా అయిపోదు. తండ్రి బతికుండగా ఇచ్చింది ఆయన ఇచ్చిన బహుమతి. వారసత్వ వాటాలో దాన్ని తగ్గించే రూల్ లేదు. అలాగే తండ్రి బతికున్నప్పుడు "నాకు వాటా వద్దు" అని కూతురి చేత సంతకం పెట్టించుకున్నా మామూలుగా అది చెల్లదు, ఎందుకంటే అప్పటికి ఆమెకి హక్కే పుట్టలేదు. ఆమె డబ్బు తీసుకుని అలా ఒప్పుకుని ఉంటే మాత్రం కోర్టు వేరేగా చూడొచ్చు.

ఇంకా పెద్ద చిక్కు అమ్మేటప్పుడు వస్తుంది. ఇంటి పన్ను పెద్దోడి పేరు మీదకి మారింది, చేతిలో తహసీల్దార్ ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఉంది, ఇద్దరు అన్నదమ్ములు కలిసి ఇల్లు అమ్మేశారు. ఏమవుతుంది? కొన్నవాడికి వెళ్లేది ఎనిమిదిలో నాలుగు వంతులే. పన్ను పేరు మారితే ఓనర్ మారినట్టు కాదు. ఆ సర్టిఫికెట్ కుటుంబంలో ఎవరున్నారో చెప్తుంది, ఎవరి వాటా ఎంతో తేల్చదు. అమ్మ, ముగ్గురు కూతుళ్లు సంతకం పెట్టనిదే వాళ్ల నాలుగు వంతులు వాళ్ల దగ్గరే ఉంటాయి. పూర్తి డబ్బు ఇచ్చి సగం ఇల్లు కొన్నవాడు, తర్వాత వాళ్లతో కోర్టులో నిలబడాలి.

మరి 160 గజాల ఇంటిని ఎనిమిది ముక్కలు ఎలా చేస్తారు? చేయలేరు. అందరూ ఒప్పుకుంటే మూడు దారులున్నాయి. కలిసి అమ్మి డబ్బు వాటా ప్రకారం పంచుకోవడం ఒకటి. ఒకరు ఇల్లు ఉంచుకుని మిగతావాళ్లకి డబ్బు ఇవ్వడం రెండోది, అప్పుడు వాళ్లు హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించాలి. పై పోర్షన్, కింది పోర్షన్ అని విడదీసుకుని భాగపరిష్కార దస్తావేజు రిజిస్టర్ చేయించుకోవడం మూడోది. తెల్ల కాగితం మీద సంతకాలతో వాటా వదులుకున్నట్టు కాదు. ఒప్పుకోకపోతే ఏ ఒక్క వారసురాలైనా సివిల్ కోర్టులో పార్టిషన్ సూట్ వేయొచ్చు. కోర్టు ముందు ఎవరి వాటా ఎంతో తేల్చి ప్రిలిమినరీ డిక్రీ ఇస్తుంది, తర్వాత ఇంటిని ఎలా పంచాలో చూస్తుంది.

"అమ్మ ఉన్నంతవరకు ఆగుదాం" అనే మాట కూడా చాలా ఇళ్లలో వింటాం. ఆగడం తప్పు కాదు, కానీ లెక్క ఆగదు. అమ్మ పోతే ఆమె ఎనిమిదో వంతు, ఆమె తల్లిదండ్రులు లేకపోతే, పిల్లలకే రెండుకి ఒకటి చొప్పున వెళ్తుంది. అప్పుడు ఒక్కో కొడుక్కి ఏడింట రెండు, ఒక్కో కూతురికి ఏడింట ఒకటి అవుతుంది. ఈలోపు ఒక చెల్లెలు చనిపోతే, ఆమెకి కొడుకు ఉంటే ఆమె వాటా అన్నలకి తిరిగి రాదు. ఆమె భర్త, పిల్లలు ఆ ఇంటికి వారసులుగా వస్తారు, రేపు సంతకం పెట్టాల్సింది వాళ్లు. ఆరుగురు కూర్చుని మాట్లాడుకోగలిగిన పని, పదేళ్లు పోతే పదిహేను మంది మధ్యకి వెళ్తుంది.

కాబట్టి మీ ఇంట్లో ఇది పెండింగ్‌లో ఉంటే ముందు మూడు కాగితాలు బయటికి తీయండి: ఇంటి దస్తావేజు, డెత్ సర్టిఫికెట్, అమ్మ నికాహ్‌నామా. చనిపోయిన రోజున ఎవరెవరు బతికున్నారో ఒక లిస్ట్ రాయండి. ఆ లిస్ట్, ఆ కాగితాలు పట్టుకుని లాయర్ దగ్గరికి వెళ్తే, మీ ఇంటి వాటాలు అక్కడే తేలిపోతాయి. ఓకే ఫ్రెండ్స్, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఖుదా హాఫిజ్, ఉంటాను మరి.