ఏ గదికి ఏ తలుపు? కింది అంచుని అడగండి

పదేళ్లు దాటిన ఇంట్లో బాత్రూమ్ తలుపు దగ్గర ఒకసారి కిందికి వంగి చూడండి. పైన అయిదారడుగుల దాకా తలుపు బాగానే ఉంటుంది. నేలకి దగ్గరగా ఒక అరడుగు మేర మాత్రం ఉబ్బిపోయి, పొరలు విచ్చి, వేలితో నొక్కితే పొట్టులా రాలుతుంటుంది. అదే దుకాణంలో అదే రోజు కొన్న బెడ్‌రూమ్ తలుపేమో నిక్షేపంలా ఉంటుంది. సరుకు ఒకటే. నీళ్లు తగిలిన చోటు వేరు.

దుకాణంలో మనం చూసేది తలుపు ముఖాన్ని. డిజైను, రంగు, లామినేట్ మెరుపు చూసి బేరమాడతాం. ముఖం మీద పడిన నీళ్లని పెయింటో లామినేటో చాలావరకు ఆపేస్తుంది. నీళ్లు లోపలికి దూరేది అంచుల నుంచి. చెక్కలో సన్నటి గొట్టాలు పొడవునా సాగి ఉంటాయి. అడ్డంగా కోసిన చోట వాటి నోళ్లు తెరుచుకుని ఉంటాయి కాబట్టి, తడినేల మీది నీటిని తలుపు కింది నుంచి పైకి పీల్చుకుంటుంది.

దీనికి తోడు మన ఇళ్లలో ఒక పని తప్పకుండా జరుగుతుంది. టైల్స్ వేశాక నేల ఎత్తు లెక్క తప్పుతుంది, తలుపు నేలకి రాసుకుంటుంది, కార్పెంటర్ కింద అరంగుళం కోసేస్తాడు. ఫ్లష్ డోర్‌కి చుట్టూ ఫ్యాక్టరీలో అతికించిన గట్టి చెక్క పట్టీ, అంటే లిప్పింగ్, ఆ కోతలో సన్నబడుతుంది, ఒక్కోసారి పూర్తిగానే పోతుంది. తలుపు బిగించేశాక అక్కడికి పెయింటరు బ్రష్షు వెళ్లదు. అంటే ఎక్కువ తడి తగిలే అంచే పచ్చిగా మిగిలిపోతుంది. కొన్ని ఇళ్లలో తడి తగలకూడదని లోపలివైపు కింద అల్యూమినియం రేకు మేకులతో కొట్టిస్తారు. మేకు బెజ్జాల్లోంచి నీళ్లు లోపలికి పోతాయి, రేకు అడ్డుండటంతో ఆరవు. తలుపు రేకు వెనకాలే కుళ్లుతుంది.

ఫ్లష్ డోర్ అంటే రెండు వైపులా చదునుగా ఉండే తలుపు. లోపల చెక్క ముక్కలు పక్కపక్కన పేర్చి, చుట్టూ చట్రం పెట్టి, పైనా కిందా వెనీర్ పొరలు జిగురుతో అతికిస్తారు. దీనికి ఐఎస్ 2202 అనే భారతీయ ప్రమాణం ఉంది. అందులో ఒక పరీక్ష మన బాత్రూమ్ కోసమే పెట్టినట్టుంటుంది. తలుపు ముక్కని నిలువుగా 30 సెంటీమీటర్ల లోతు నీళ్లలో 24 గంటలు నిలబెట్టి, తర్వాత 24 గంటలు ఆరబెడతారు. ఇలా ఎనిమిదిసార్లు చేశాక పొర విడిపోకూడదు. కొనేటప్పుడు తలుపు అంచు మీద ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర ఆ 2202 అంకె ఉన్నాయో లేదో చూడండి. ఉన్నా సరే, కింది అంచు సీల్ చేయని తలుపు రోజూ రెండు పూటలా తడిస్తే ఏళ్ల తరబడి నిలబడుతుందని ఆశపడకూడదు.

ఇప్పుడు ఒక ఇల్లు తీసుకుందాం. విజయవాడలో పడమటి ముఖం ఉన్న సొంతిల్లు. వీధి తలుపు, రెండు బెడ్‌రూమ్‌లు, ఒక అటాచ్డ్ బాత్రూమ్, పెరట్లో ఒక మరుగుదొడ్డి. మొత్తం అయిదు తలుపులు.

అటాచ్డ్ బాత్రూమ్‌తో మొదలుపెడితే, అక్కడికి నేను డబ్ల్యూపీసీ తలుపునే చెబుతాను. దుకాణాల్లో కాంపోజిట్ తలుపు అని చూపించేది ఎక్కువగా ఇదే. పీవీసీ, చెక్కపొడి, సుద్దపొడి కలిపి నురుగులా పొంగించి అచ్చు తీసిన పలక. కోసిన చోట కూడా నీళ్లు పీల్చదు, చెద తినదు. కార్పెంటర్ కింద ఎంత కోసినా నష్టం లేదు. ఏడడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు, 28 మి.మీ. మందం ఉన్న తలుపు దాదాపు 30 కిలోలు తూగుతుంది.

దీని బలహీనత నీళ్ల దగ్గర లేదు, స్క్రూల దగ్గర ఉంది. పలక పైపొర గట్టిగా ఉంటుంది, లోపల నురుగు. నాసిరకం పలకలో సుద్ద పాళ్లు ఎక్కువ కాబట్టి బరువు ఎక్కువే తూగుతుంది. అందుకే తలుపు ఎత్తి చూసి బరువుందని మురిసిపోవడం ఇక్కడ పనికిరాదు. నమూనా ముక్క అడిగి, దాని పక్క అంచులోకి ఒక స్క్రూ తిప్పించి చూడండి. ముక్క చీలినా, తెల్లటి పొడి రాలినా, స్క్రూ చివరికొచ్చేసరికి ఖాళీగా తిరిగినా ఆ సరుకు వదిలేయండి. మంచిదే దొరికినా బందులు మూడుకి తగ్గకూడదు, స్క్రూకి ముందు సన్నటి బెజ్జం వేయించాలి. ఈ రెండూ చేయని చోట ఏడాది తిరక్కుండానే తలుపు గడియ వైపు కిందికి జారి, నేల మీద గీతలు పెడుతుంది.

తలుపు మార్చి ఫ్రేము మరిచిపోయేవాళ్లు చాలామంది. డబ్ల్యూపీసీ తలుపుని పాత చెక్క ద్వారబంధానికి బిగిస్తే, ఈసారి ఫ్రేము కాళ్లు కుళ్లుతాయి. బాత్రూమ్‌కి గ్రానైట్ ఫ్రేము పెట్టడం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. నా దృష్టిలో అంతకు మించినది లేదు. కాకపోతే బందులు, గడియ ఎక్కడొస్తాయో ముందే కొలిచి రాయికి బెజ్జాలు వేయించుకోవాలి.

పెరటి మరుగుదొడ్డికి పీవీసీ తలుపు చాలనుకుంటారు. తేలిక, చవక, తడికి చలించదు. లోపలంతా బోలుగా ఉండే పట్టీలని ఒకదానిలో ఒకటి తొడిగి చేస్తారు. చుట్టూ చట్రంలో ఇనుప గొట్టం పెట్టారో లేదో అడగండి. అది లేకపోతే బందుల స్క్రూలకి పట్టు ఆ పల్చటి ప్లాస్టిక్ గోడే. ఇక ఎండ. నేరుగా ఎండ తగిలే చోట పీవీసీ రంగు వెలిసి పెళుసెక్కుతుంది, బకెట్ తగిలినా పగులుతుంది. పెరట్లో నీడ ఉంటే పీవీసీ సరే. లేకపోతే ముందు పైన ఒక సజ్జ వేయించండి.

బెడ్‌రూమ్‌లకి నీళ్ల బెడద లేదు. ఇక్కడ ఫ్లష్ డోర్‌ని మించి ఖర్చు పెట్టడం నాకు దండగే అనిపిస్తుంది. చూసుకోవాల్సింది లోపల ఏముందన్నది. నిండుగా చెక్క ఉన్న తలుపుకీ, లోపల తేనెపట్టులా మడిచిన అట్ట పెట్టిన తలుపుకీ ముఖం ఒకేలా ఉంటుంది. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, 32 మి.మీ. మందం ఉన్న నిండు తలుపు 30 నుంచి 35 కిలోల దాకా తూగాలి. ఒక మనిషి చంకలో పెట్టుకుని సునాయాసంగా మేడెక్కించాడంటే అది బోలుదే. గదిలో మాటలు హాల్లోకి వినపడటం, తలుపు వెనక కొక్కెం స్క్రూ ఊడి రావడం దాని తర్వాతి కష్టాలు. మెంబ్రేన్ డోర్‌లనీ, అచ్చు డిజైను తలుపులనీ అమ్మే వాటిలో కూడా బోలువి ఉంటాయి కాబట్టి అదే ప్రశ్న అడగాలి.

రెండో విషయం జిగురు. ఫినాలిక్ జిగురు వేసినది తడిని ఓర్చుకుంటుంది. యూరియా జిగురు చవక, కానీ వేడి నీళ్లకి విడిపోతుంది. ఫినాలిక్ గీత ముదురు ఎరుపు-గోధుమ రంగులో కనబడుతుందంటారు. నిజమే గానీ, యూరియా జిగురులో రంగు కలిపి అమ్మేవాళ్లూ ఉన్నారు. కంటిని నమ్మడం కంటే పొయ్యిని నమ్మడం మేలు. కార్పెంటర్ కింద కోసిన ముక్కని పారేయనివ్వకుండా తీసుకుని, పాత గిన్నెలో రెండు మూడు గంటలు మరిగించండి. పొరలు గోటితో ఊడొస్తే దుకాణానికి తీసుకెళ్లి చూపించవచ్చు. మిగతా తలుపులు బిగించక ముందే ఈ పని చేసుకోవాలి.

శ్రావణంలో బెడ్‌రూమ్ తలుపు బిగుసుకుంటే వెంటనే చిత్రిక పట్టించకండి. గాలిలో తేమకి చెక్క వెడల్పులో ఉబ్బుతుంది, పొడవు పెద్దగా మారదు. ఇప్పుడు చిత్రిక పడితే వేసవికల్లా సందు తేలుతుంది. మరీ కదలకపోతే సరే గానీ, లేకపోతే వానలు వెళ్లేదాకా ఆగి, తలుపు ఊడదీసి పై అంచుకీ కింది అంచుకీ రెండు పూతల పెయింటో పాలిషో వేయించడం మంచిది.

మిగిలింది వీధి తలుపు. అపార్టుమెంటులో కారిడార్లోకి తెరుచుకునే తలుపుకి ఎండా వానా రావు. అక్కడ టేకు వెనీర్ అంటించిన 35 మి.మీ. ఫ్లష్ డోర్, టేకు ద్వారబంధం పెడితే సరిపోతుంది. మనం తీసుకున్న పడమటి ముఖం ఇల్లు అలా కాదు. మధ్యాహ్నం నుంచి ఎండ, వానాకాలంలో జల్లు. ఇలాంటి చోట వెనీర్ అంచుల దగ్గర లేస్తుంది. డబ్ల్యూపీసీ ఒక ముఖం వేడెక్కి, ఇంకో ముఖం చల్లగా ఉండి వంకర తిరుగుతుంది. పాత పద్ధతి టేకు తలుపే ఇక్కడ తట్టుకుంటుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది, మిగతా చాలా కలపలతో పోలిస్తే తేమకి తక్కువ కదులుతుంది. ప్యానెల్ తలుపులో నడిమి పలకని చుట్టూ చట్రం గాడిలో జిగురు లేకుండా వదులుగా కూర్చోబెడతారు. పలక ఉబ్బినా తగ్గినా గాడిలోనే సర్దుకుంటుంది. తెలిసీ తెలియని పనివాడు ఆ పలకకి కూడా జిగురు పూసి బిగిస్తే, మొదటి వేసవిలోనే అది మధ్యకి చీలుతుంది.

టేకు అని చెప్పినదంతా చేవ ఉన్నది కాదు. చెట్టు నడిమి భాగం బంగారు గోధుమ రంగులో ఉంటుంది, అది చేవ. బెరడుకి దగ్గరగా ఉన్న పాలిపోయిన భాగాన్ని పురుగు తొలిచి పిండి చేస్తుంది. రంగు పూసి దాన్ని కప్పేస్తారు కాబట్టి, పాలిష్ పెట్టక ముందే చెక్క చూడాలి, వెనకవైపు కొంచెం గీకి చూడాలి. కలప ఎంత కావాలో కూడా ఇంట్లోనే లెక్క వేసుకోవచ్చు. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న తలుపుకి గడపతో కలిపి ద్వారబంధం దాదాపు 23 అడుగుల పొడవు వస్తుంది. అయిదంగుళాలు, మూడంగుళాల మందాన అది సుమారు రెండున్నర ఘనపుటడుగులు. ఒకటిన్నర అంగుళం మందం రెక్కకి మరో మూడు. మొత్తం అయిదున్నర, కోతలో పోయేదానితో ఆరు చిల్లర. ఎవరైనా ఎనిమిదో తొమ్మిదో రాస్తే ఎక్కడికి పోతోందో అడగండి.

ద్వారబంధం గోడలు లేచేటప్పుడే నిలబెట్టాలి. రెక్కని మాత్రం సున్నం, టైల్స్, నీళ్ల పనులన్నీ ముగిసి గోడలు ఆరాకే తెప్పించుకోవాలి. తడిగోడల మధ్య నెల రోజులు గోడకి ఆనించి నిలబెట్టిన తలుపు, ఎంత ఖరీదైనదైనా, బిగించే రోజుకే వంగి ఉంటుంది. ఎండ తగిలే పడమటి ముఖానికి బయట వాడకానికి తగిన పీయూ పాలిష్ అడగండి, ఇంట్లో సామానుకి వేసే మెలమైన్ అక్కడ పగుళ్లిస్తుంది. అదే పూత రెక్క పై అంచుకీ కింది అంచుకీ వేయించాకే బందులకి తగిలించమనండి.