మోటారు ఎన్ని హెచ్‌పీ? ముందు చెట్టునడగండి

బోరు వేయగానే పక్కరైతు మోటారు చూసి హెచ్‌పీ నిర్ణయించుకోవడం మనకు అలవాటు. లెక్క మొదలవ్వాల్సింది చెట్టు దగ్గర.

అనంతపురంలో నాలుగెకరాల ముదురు చీనీ తోట ఉందనుకుందాం. మే ఎండలకు, గాలికి పచ్చగడ్డి నేల నుంచి రోజుకు సుమారు 7 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది. చీనీకి పంట గుణకం 0.7 వేస్తే తోట అవసరం దాదాపు 5 మిల్లీమీటర్లు. ఎకరానికి ఒక మిల్లీమీటరంటే 4 వేల లీటర్లు. అంటే ఎకరానికి 20 వేల లీటర్లు. డ్రిప్పులో పోయే పదోవంతు కలిపితే 22 వేలు. నాలుగెకరాలకు 88 వేలు.

కరెంటుండే వేళల్లో ఎనిమిది గంటలు నడిపితే గంటకు 11 వేల లీటర్లు, సెకనుకు 3 లీటర్లు రావాలి. మోటారు నడిచేటప్పుడు బోరులో నీరు 60 మీటర్ల లోతున నిలిస్తే, డ్రిప్పు ఒత్తిడి, పైపు రాపిడి కలిపి 80 మీటర్ల ఎత్తుకు తోసినట్టు. పంపుసెట్టు సామర్థ్యం 45 శాతం అనుకుంటే ఏడు హెచ్‌పీ దాటుతుంది, 7.5 హెచ్‌పీ సరిపోతుంది.

డిసెంబరులో ఆవిరి 4 మిల్లీమీటర్లకు తగ్గితే అదే మోటారు నాలుగున్నర గంటలు చాలు. అప్పుడూ ఎనిమిది గంటలు నడిపితే మిగతా నీరు వేర్ల కిందికి దిగిపోతుంది, ఎరువునూ మోసుకుపోతుంది.

బోరు సెకనుకు 2 లీటర్లే ఇస్తే పెద్ద మోటారు నీటిని పుట్టించదు. నీరు తెగితెగి వస్తుంది, మోటారు కాలుతుంది. కాబట్టి కొనేముందు బోరు దిగుబడి కొలిపించండి.