కొంచెం చిన్నగా, ఇంకాస్త వార్మ్‌గా

రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. పంపింది పెళ్లికొడుకు. చూసింది పెళ్లి సినిమా తొలి కట్. “అన్నా, వీడియో చాలా బాగా వచ్చింది. ఇంట్లో అందరికీ నచ్చింది. కొంచెం పెద్దదైనట్టుంది, నాలుగు నిమిషాల్లో వచ్చేలా చూడు. కలర్స్ కూడా ఇంకాస్త వార్మ్‌గా ఉంటే బాగుంటుంది.” పెళ్లి వీడియోలు కట్ చేసే ఏ ఎడిటర్ ఫోన్ చూసినా ఇలాంటి మెసేజ్‌లు కనిపిస్తాయి. ప్రకటనలకైనా, కాలేజీ వార్షికోత్సవాల వీడియోలకైనా వచ్చే అభ్యంతరాలు ఎక్కువగా ఈ రెండే: నిడివి, రంగు.

ఈ మెసేజ్‌ను ఉన్నదున్నట్టు అమలు చేస్తే వీడియో పాడైపోయే అవకాశం ఎక్కువ. పెళ్లికొడుకు చెప్పింది తనకు కలిగిన అనుభూతి. ఎక్కడో విసుగనిపించింది, ఎక్కడో ముఖాలు పాలిపోయినట్టు కనిపించాయి. ఆ చోటు ఏదో మాత్రం అతను చెప్పలేదు. దాన్ని వెతికి పట్టుకోవడమే ఎడిటర్ పని.

ఒక లెక్క వేసి చూద్దాం. వీడియో నిడివి ఏడు నిమిషాల 40 సెకన్లు అనుకుందాం. మొదట ఫంక్షన్ హాలు మీద డ్రోన్ షాట్లు, పూల అలంకరణ, 50 సెకన్లు. పెళ్లికూతురి ముస్తాబు 70. వచ్చిన చుట్టాలు, భోజనాల బంతులు 40. ఆ తర్వాత జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, అప్పగింతలు. చివర్లో రిసెప్షన్ డాన్సులు 70 సెకన్లు. ఇలా రాసుకుని చూస్తే లోపం కళ్లకు కడుతుంది. మొదటి ముఖ్యమైన ఘట్టం జీలకర్ర బెల్లం వచ్చేసరికే 160 సెకన్లు అయిపోయాయి. అంటే చూసేవాళ్లు పెళ్లి కోసం రెండు నిమిషాల 40 సెకన్లు ఎదురుచూశారు. పెళ్లికొడుకు “పెద్దదైంది” అన్నది ఈ నిరీక్షణ గురించే అయ్యుంటుంది. ముహూర్తం ఘట్టాలు ఎక్కువసేపు ఉన్నాయని అతనికి అనిపించి ఉండదు.

కొత్తగా పనిలోకి వచ్చిన ఎడిటర్లు ఇక్కడే దారి తప్పుతారు. ఏదీ వదలబుద్ధి కాక ప్రతి షాట్‌లోంచీ అర సెకను, పావు సెకను గీకేస్తారు. మన దగ్గర వీడియో మామూలుగా సెకనుకు 25 ఫ్రేములు. ఏడుస్తున్న తల్లి ముఖం మీది షాట్‌లోంచి పదిహేను ఫ్రేములు తీసేస్తే, ఆవిడ కళ్లెత్తి కూతుర్ని చూసే క్షణమే పోవచ్చు. షాట్లన్నీ ఉంటాయి, ఏ ఒక్కటీ మనసుకు పట్టదు. నిడివి తగ్గినా వీడియో ఉరుకులు పరుగులుగా సాగి, చూసేవాళ్లను ఇంకా అలసిపోయేలా చేస్తుంది.

తీయాల్సి వస్తే ఒక పాయను మొత్తంగా తీయాలి. సినిమా చరిత్రలో దీనికి పేరున్న ఉదాహరణ ‘సినిమా పారడిసో’. గిసెప్పె టోర్నటోరె తీసిన ఈ ఇటాలియన్ సినిమా 1988లో ఇటలీలో విడుదలైనప్పుడు 155 నిమిషాలు ఉండేది. జనం పెద్దగా ఆదరించలేదు. దాన్ని 124 నిమిషాలకు కుదించారు. వయసు మళ్లిన కథానాయకుడు తన తొలి ప్రేయసిని మళ్లీ కలుసుకునే ఉపకథను దాదాపు పూర్తిగా తీసేశారు. ఆ చిన్న రూపానికే 1989లో కాన్స్‌లో జ్యూరీ ప్రత్యేక బహుమతి, మరుసటి ఏడాది ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ వచ్చాయి. పొడుగు రూపమే గొప్పదని వాదించే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. ఆ వాదనలోనూ న్యాయం ఉంది, ఎందుకంటే ఆ పాయ పోవడంతో అది వేరే కథ అయింది. ఏ పాయను తీస్తున్నామో తెలిసి తీయాలనడానికి అదే కారణం.

పెళ్లి వీడియోలో ఆ పాయ రిసెప్షన్. పాట వేరు, వెలుతురు వేరు, ఉత్సాహం వేరు. దాన్ని మొత్తంగా పక్కన పెట్టి విడిగా ఓ రీల్‌గా ఇవ్వొచ్చు. డ్రోన్ షాట్లలో 12 సెకన్లు, ముస్తాబులో 25 ఉంచితే చాలు. భోజనాల బంతులు పోతాయి. ఆ భాగంలో నాయనమ్మ నవ్వే షాట్ ఉంటే, ఆ నాలుగు సెకన్లను ముస్తాబు పక్కకు తేవచ్చు. ఇప్పుడు 41 సెకన్లకే జీలకర్ర బెల్లం వస్తుంది. ఆ ఘట్టాన్నీ మంగళసూత్రాన్నీ ముట్టుకోనక్కర్లేదు. తలంబ్రాల్లో పదిహేను, అప్పగింతల్లో పదహారు సెకన్లు తగ్గిస్తే సరిగ్గా నాలుగు నిమిషాలు.

అప్పగింతల్లో కోయడం అన్నిటికంటే కష్టం. ‘అపొకలిప్స్ నౌ’కు పనిచేసిన ఎడిటర్ వాల్టర్ మర్చ్, ఒక కట్ మంచిదా కాదా అని తేల్చడానికి ఆరు ప్రమాణాలు పెట్టుకుని వాటికి మార్కులు వేశాడు. అందులో భావోద్వేగానికి ఒక్కదానికే 51 శాతం. కథకు 23, లయకు 10. షాట్‌కూ షాట్‌కూ మధ్య మనుషులు నిలబడ్డ చోటు సరిగ్గా అతకడం లాంటి సాంకేతిక విషయాలకు మిగిలింది. ఆ లెక్కన తండ్రి భుజం మీద కూతురు తల వాల్చిన షాట్ కొద్దిగా కదిలినా ఉంచాలి. అద్దంలా నిలకడగా ఉన్న కారు అలంకరణ షాట్ పోవాలి.

పాట సంగతి కూడా మరవకూడదు. ఏడు నిమిషాలకు పరిచిన సంగీతం నాలుగు నిమిషాలకు తనంతట తాను సర్దుకోదు. ఒక చరణాన్ని పూర్తిగా తీసి, తాళం తప్పకుండా రెండు కొసలనూ కలపాలి. గట్టిమేళం సహజధ్వనిని మాత్రం పాట కింద ముంచకూడదు. మూడు ముళ్లు పడే క్షణం చెవికి తెలిసేది దానితోనే.

నిడివి తేలేదాకా రంగు జోలికి పోకూడదని అనుభవం ఉన్నవాళ్లు పట్టుబడతారు. తీసేయబోయే షాట్లకు రంగు దిద్దడం వృథా శ్రమ. అదొక్కటే కాదు, నిడివి తగ్గేసరికి రంగు మీది ఫిర్యాదు సగం దానంతటదే తీరిపోవచ్చు.

ఎందుకంటే “వార్మ్‌గా లేదు” అన్న మాట వీడియో అంతటికీ వర్తించడం అరుదు. పొద్దున ఇంటి వాకిట్లో తీసిన షాట్లు ఎండకు బంగారంలా ఉంటాయి. ముఖాలు పాలిపోయేది చాలాసార్లు మండపం దగ్గర, రిసెప్షన్ వేదిక మీద. తెల్లని ఎల్‌ఈడీ ట్యూబులు ఒకవైపు, డెకరేషన్ వాళ్లు పెట్టిన నీలం, ఊదా దీపాలు ఇంకోవైపు, వీడియోగ్రాఫర్ లైటు మరోవైపు. కెమెరా వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే ఏ వెలుతురును నమ్మాలో దానికి తెలియక, ఒకే షాట్ మధ్యలో రంగు మారిపోతుంది.

వెలుతురు రంగును కెల్విన్లలో కొలుస్తారు. దీపపు వెలుగు 2000 దరిదాపుల్లో, పాతకాలపు బల్బు 2700 దగ్గర, మిట్టమధ్యాహ్నపు ఎండ 5500 దగ్గర ఉంటాయి. అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపు, ఎరుపుల వైపు వెళ్తుంది. పెరిగేకొద్దీ నీలం వైపు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘టెంపరేచర్’ అనే మీట ఉంటుంది. దాన్ని పసుపు వైపు జరిపితే చాలు, బొమ్మంతా క్షణంలో వార్మ్‌గా మారిపోతుంది.

ఆ ఒక్క మీటతో సరిపెడితే తెలుగు పెళ్లికి పెద్ద నష్టమే జరుగుతుంది. ఎర్రంచు తెల్లటి మధుపర్కాలు వెన్న రంగుకు తిరుగుతాయి. పసుపు కలిపిన తలంబ్రాలు ఆ బట్టల్లో కలిసిపోయి కనిపించకుండా పోతాయి. పచ్చని మామిడి తోరణం వాడిపోయినట్టు గోధుమ రంగుకు వస్తుంది. నగల బంగారానికీ చర్మానికీ తేడా చెరిగిపోతుంది. పసుపు పసుపుగా కనబడాలంటే దాని పక్కన తెలుపు తెల్లగా ఉండాలి.

అందుకే మొదటి పని సరిదిద్దడం. మధుపర్కం తెలుపును ఆధారంగా తీసుకుని, దానిలో నీలం గానీ ఆకుపచ్చ గానీ ఛాయ లేకుండా చేస్తారు. రెండు కెమెరాలతో తీసుంటే రెంటినీ ఒకదానికొకటి జత చేస్తారు. ఆ తర్వాతే వార్మ్. అదీ ముఖాలు ఎక్కువగా ఉండే మధ్యస్థ వెలుగుల్లో, దీపాల కాంతిలో కొద్దిగా. నీడలను అలాగే వదిలేస్తారు. ఎంత చాలో చెప్పడానికి వెక్టర్‌స్కోప్ అనే కొలత తెర ఉంది. దాని మీద ఎరుపుకూ పసుపుకూ మధ్య ఒక గీత ఉంటుంది. తెల్లని వాళ్లయినా నల్లని వాళ్లయినా, మామూలు వెలుతురులో మనుషుల చర్మం ఆ గీత చుట్టుపక్కలే పడుతుంది. ముఖాలు దాన్ని దాటి బాగా పసుపు వైపు వెళ్లాయంటే, చూసేవాళ్లకు అవి కామెర్ల ముఖాల్లా అనిపిస్తాయి.

ఏ రంగును మార్చాలో ఎంచుకుని మార్చడం ఎంత దూరం పోగలదో ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ చూస్తే తెలుస్తుంది. కోయెన్ సోదరులు 2000లో విడుదల చేసిన ఈ సినిమా కథ 1930ల మిసిసిపీలో నడుస్తుంది. వాళ్లకు కావలసింది దుమ్ము పట్టిన పాత ఫొటోల లాంటి ఎండు రంగు. షూటింగ్ చేసిన వేసవిలో అక్కడంతా పచ్చదనం. ల్యాబ్‌లో రసాయన పద్ధతులు ప్రయత్నించి చూసి, కుదరక, ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ నెగెటివ్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ముఖ్యంగా ఆకుపచ్చను పట్టుకుని ఎండుగడ్డి పసుపుకు తిప్పాడు. అందుకు వారాల తరబడి కూర్చున్నాడు.

సాధ్యం కానివీ ఉన్నాయి. ముఖం మీద ఒక్క నీలి దీపమే పడి ఉంటే, ఆ బొమ్మలో ఎరుపు అసలు నమోదే కాదు. లేని ఎరుపును ఎంత లాగినా మచ్చలు, గరుకుదనమే పైకొస్తాయి. చవక కెమెరాల 8 బిట్ ఫైళ్లలో ఒక్కో రంగుకు 256 మెట్లే. 10 బిట్‌లో 1024. మెట్లు తక్కువున్న ఫైలును గట్టిగా లాగితే వెనక గోడ మీద చారలు కనబడతాయి. అలాంటి షాట్‌కు మందు రెండో కెమెరా షాట్, లేదా కత్తెర. మన లెక్కలో రిసెప్షన్ పాయ మొత్తం పక్కకు పోయింది కాబట్టి, నీలి ముఖాల్లో చాలావరకు దాంతోనే పోతాయి.

పని మొదలుపెట్టేముందు ఎడిటర్ ఒక్క ఫోన్ చేస్తే ఒకటి రెండు రోజులు కలిసొస్తాయి. వీడియో ఎక్కడ వేస్తారని అడగాలి, ఇన్‌స్టాగ్రామ్‌కైతే నిలువు ఫ్రేముతో వేరే కట్ కావాలి. ఎక్కడ విసుగొచ్చిందో 02:15 అన్నట్టు టైము చెప్పమనాలి. నచ్చిన రంగులున్న ఫొటో ఒకటి పంపమనాలి. ఏ ఫోన్‌లో చూశారో కూడా అడగాలి. రాత్రిళ్లు తెరను పసుపుగా మార్చే సెట్టింగ్ ఆన్‌లో ఉన్న ఫోన్‌లో చూసి “వార్మ్ చాలు” అన్న మనిషే, పొద్దున టీవీలో చూసి “మళ్లీ చల్లబడిందేంటి” అనొచ్చు. వాట్సాప్‌లో నలిగిపోయిన ఫైలును చూసి రంగు తేల్చడమూ సరికాదు, డ్రైవ్ లింకే పంపాలి. మొత్తం వీడియోకు రంగు వేసేముందు పెళ్లికూతురి ముఖం, మధుపర్కాలు, మండపం ఉన్న మూడు స్టిల్స్‌ను ముందూ వెనకా రూపాల్లో పంపి ఒప్పించుకోవడం ఇంకా మంచిది.

ఇవన్నీ సరిగ్గా చేసినా రెండో మెసేజ్ వస్తుంది. “అన్నా, ఇప్పుడు అదిరిపోయింది. కానీ మా పిన్ని వాళ్లు ఎక్కడా కనబడటం లేదు, వాళ్లు ఫీలవుతారు.” చుట్టాల షాట్లు తీసేసిన ప్రతి కట్‌కూ ఇది వచ్చి తీరుతుంది, పైగా అది న్యాయమైన కోరికే. పిన్నిని తలంబ్రాల దగ్గర చుట్టూ నిలబడ్డవాళ్ల షాట్‌లో రెండు సెకన్లు చూపించగలిగితే అక్కడ పెట్టాలి. అలాంటి షాట్ లేకపోతే, అందరూ ఉన్న పూర్తి పెళ్లి వీడియో విడిగా వస్తుందని, అందులో పిన్ని వాళ్లు ఏ నిమిషం దగ్గర ఉన్నారో రాసి పంపాలి.