కోచ్‌కు చెప్పే రెండు నిమిషాల కృతజ్ఞత

బ్యాడ్మింటన్ అకాడమీ వార్షిక బహుమతి ప్రదానంలో తల్లిదండ్రుల తరఫున ఒకరు మాట్లాడటం మామూలే. ‘మా పిల్లల్ని సొంత బిడ్డల్లా చూసుకున్నారు’ అన్న మాట ఏ గురువుకైనా సరిపోతుంది. ఈ కోచ్‌కే చెందాలంటే, కోర్టులో ఆయన చేసిన ఒక్క పనిని వివరంగా చెప్పాలి.

ఉదాహరణకు: “సార్, జూన్‌లో మా పాప షాట్ కొట్టి అక్కడే నిలబడిపోయేది. తర్వాతి షటిల్ అందేది కాదు. మీరు రోజూ కాసేపు షటిల్ లేకుండానే, కోర్టు మూలలకు వెళ్లి మధ్యకు తిరిగొచ్చే అడుగులు వేయించారు. విసుక్కుంటే పక్కనే నిలబడి మీరూ వేశారు. ఇప్పుడు కొట్టిన వెంటనే దాని కాళ్లు మధ్యకు వస్తున్నాయి. ఓడిన మ్యాచ్‌లోనూ అది కనిపించింది.”

ఇందులో పిల్ల లోపం, కోచ్ చేసిన సాధన, వచ్చిన మార్పు వరుసగా ఉన్నాయి. పతకాల చిట్టా చదివితే, బహుమతి రాని పిల్లల తల్లిదండ్రులు ఆ ప్రసంగానికి బయటివాళ్లైపోతారు. అడుగుల సాధన మాత్రం అందరు పిల్లలూ చేసిందే.

చివర్లో షటిళ్లు అందించిన సహాయ కోచ్‌నూ, కోర్టు శుభ్రంగా ఉంచిన మనిషినీ పేరుపెట్టి తలుచుకోవాలి. ఆ పేర్లు ముందురోజే అడిగి రాసుకుంటే వేదికపై తడబాటు ఉండదు.